ఇరవై నాలుగు కిలోల నెల

డిగ్రీ పాసైన మెమో చేతికొచ్చిన రోజు మా గల్లీలో పదకొండు ఇళ్లకు వెళ్లి చెప్పాను. పన్నెండో ఇంటికి వెళ్లేసరికి వార్త నాకంటే ముందే అక్కడికి చేరింది. ఆ ఇంటామె గుమ్మంలోనే నా నోట్లో బెల్లంముక్క పెట్టి, "ఇగ నిన్ను పేరు పెట్టి పిలుస్తమా, మేడమ్ అంటమా?" అని అడిగింది. ఏదైనా ఫరవాలేదన్నాను. నిజానికి ఆ రోజు నన్ను ఎవరేమని పిలిచినా పలికేదాన్ని.

మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. బాపు ఐదో తరగతి దగ్గర ఆగి, ఇళ్లకు రంగులేసే పనిలో పడ్డాడు. అమ్మ సంతకం చేస్తుంది, బస్సు నంబర్లు గుర్తుపడుతుంది, అంతకుమించి అక్షరాలు రావు. ఇంట్లోనే కుట్టుమిషను మీద చీరలకు ఫాల్ వేస్తుంది. నాయనమ్మ వేలిముద్ర మనిషి. ఆ వేలు కూడా అరిగిపోయి రేషన్ దుకాణం మిషను గుర్తుపట్టదు, కంటిపాప చూపించాల్సిందే. ఈ ముగ్గురూ మెమోను ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వెలుగుకు పట్టి చూశారు. నాయనమ్మ దాన్ని మడతపెట్టబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

మెమో వచ్చిన వారానికే ఇంకో వార్త వచ్చింది. ఇన్సూరెన్సు కాగితాలు చూసే ఒక ఆఫీసులో నన్ను ఎంపిక చేశారు. కాకపోతే ముందు నెలరోజుల ట్రైనింగ్. ఆ నెల పైసా ఇవ్వరు. చివర్లో పరీక్ష పెడతారు, అందులో నెగ్గితే ఉద్యోగం. ఆరో తారీఖున మొదలై పై నెల ఐదో తారీఖు పరీక్షతో ముగుస్తుంది.

అప్పటికి రెండేళ్లుగా నేను చార్మినార్ వైపు ఒక చీరల దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పనిచేస్తున్నాను. కాలేజీ అయ్యాక సాయంత్రాలు, ఆదివారాలు. నా జీతం పెద్దదేం కాదు, కానీ దానితోనే నెల చివరి వారం ఇంట్లో పొయ్యి వెలిగేది. మా కార్డులో నలుగురం ఉన్నాం. మనిషికి ఆరు కిలోల చొప్పున ఇరవై నాలుగు కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తాయి. అవి నెలాఖరుదాకా ఏనాడూ రాలేదు. చివర్లో అమ్మ ఐదు కిలోలు బయట కొనేది. నా జీతం ఆగిపోతే, కిరాయి, కరెంటు పోగా బాపు చేతిలో మిగిలేదానితో పప్పు, నూనె, కాసిని కూరగాయలు వస్తాయి. బియ్యం కొనే సందు లేదు.

నాయనమ్మ ఈ లెక్క విని పాత రోజులెత్తుకుంది. ఒకప్పుడు రేషన్ దుకాణంలోనే కందిపప్పు, పామాయిలు ప్యాకెట్ కూడా ఇచ్చేవారట, సంచి మొయ్యలేక మొయ్యలేక తెచ్చేదట. ఇప్పుడు మా దుకాణంలో బియ్యమే. మిగతావి కిరాణాలో తెచ్చుకోవాల్సిందే.

బాపు రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక మాట తేల్చాడు. చీరల దుకాణం సేటు నా జాగా ఒక నెల ఖాళీగా ఉంచుతానన్నాడట. పెళ్లిళ్ల రోజులు, ఎప్పుడొచ్చినా రోజుకూలీ ఇచ్చి పెట్టుకుంటాడట.

"సదువుకున్నవు గద బిడ్డా, నెల తిండి కాయిదం మీద రాసి సూపియ్యి. ఆ ఇరవై నాలుగు కిలోలతోని ఎల్లదీసినవంటే నీ ట్రైనింగ్ నువ్వు చేస్కో. బియ్యం డ్రమ్ము అడుగు ముందుగాల కనవడ్డదంటే మాత్రం మల్ల దుకాణానికి పోవుడే. నా తాన ఇంకో దారి లేదు."

అందులో బెదిరింపు లేదు. ఉన్న సంగతి చెప్పాడు. నేను వెంటనే సరేనన్నాను. బీకామ్ చదివినదాన్ని, కాస్ట్ అకౌంటింగ్‌లో మంచి మార్కులొచ్చినదాన్ని. ఇరవై నాలుగు కిలోలను ముప్పై రోజులకు సర్దడం నాకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

ఆ నెల రేషన్ నాలుగో తారీఖున తెచ్చాం. ఆ రాత్రే కూర్చుని లెక్క వేశాను. ఇరవై నాలుగు కిలోలను ముప్పైతో భాగిస్తే రోజుకు ఎనిమిది వందల గ్రాములు. కిరాణా అన్న తక్కెడ మీద మా ఇంటి స్టీలు గ్లాసు తూకం వేయించుకొచ్చాను. తల కొట్టి పోస్తే రెండు వందల గ్రాములు పట్టింది. అంటే రోజుకు నాలుగు గ్లాసులు. పొద్దున రెండు, రాత్రి రెండు. ఇంత చక్కగా తెగిన లెక్క పరీక్షల్లో కూడా నాకెప్పుడూ తగల్లేదు.

ఇక పప్పు. అన్నిట్లోకి పప్పే ప్రియం కాబట్టి దాన్నే పొదుపు చేయాలనుకున్నాను. మూడు కిలోల కందిపప్పు, ఒక కిలో ఎర్రపప్పు. నూనె రెండు లీటర్లు, ప్యాకెట్లు కత్తిరించి సీసాల్లో పోసి, రోజుకు నాలుగు చెంచాలని గీత పెట్టాను. కూరగాయలకు ఇంకో పద్ధతి. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ నిలవుంటాయి కాబట్టి పదిహేను రోజులకొకసారి. ఆకుకూరలు వాడిపోతాయి కాబట్టి వారానికి రెండుసార్లు, అదీ చీకటి పడ్డాక. ఛత్రినాక మార్కెట్‌లో బండ్లు సర్దుకునే వేళకు పుంటికూర, అదే గోంగూర, తోటకూర కట్టలను విడిగా అమ్మరు, కుప్పగా ఇచ్చేస్తారు. సొరకాయ ఒకటి తెస్తే మూడు పూటలు. సగం పప్పులోకి, సగం కూరకు, తొక్క పచ్చడికి. బీరకాయదీ అదే దారి.

పెద్ద కాగితం మీద ముప్పై గళ్లు గీసి, ఒక్కో గడిలో రెండు పూటల వంట రాశాను. పప్పు తక్కువ పడాలి కాబట్టి గట్టిపప్పు వారానికి రెండుసార్లే. మిగతా రోజుల్లో పలచటి పప్పుచారు, చింతపండు పచ్చిపులుసు, టమాటా చారు. పచ్చిపులుసునైతే మరిగించే పనే లేదు, తాలింపుకు ఒక్క చెంచా నూనె చాలు. ఎర్ర పెన్నుతో ఆకుకూర రోజులు, ఆకుపచ్చ పెన్నుతో ఆలుగడ్డ రోజులు, మిగతావి నీలంతో. పూర్తయ్యాక అల్మారా తలుపుకు అంటించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. గుడ్డల మధ్య కూర్చున్న అమ్మ కూడా తలెత్తి చూసింది. మస్తుగుంది అంది. ముగ్గులా ఉందంది నాయనమ్మ.

ట్రైనింగ్ మొదలైంది. ఐదింటికి లేచి పొద్దుటి వంట నేనే చేసి, డబ్బా కట్టుకుని, రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. రాత్రి వంట అమ్మది. ఏం చేయాలో పొద్దున వెళ్లేటప్పుడు చెప్పేదాన్ని. ఇయ్యాల పచ్చిపులుసు అంటే పచ్చిపులుసు, చారు అంటే చారు. నాలుగు గ్లాసుల మాటకొస్తే, పొద్దుటి రెండూ నేను తల కొట్టి పోసేదాన్ని. రాత్రివి అమ్మ చేతిలో ఉండేవి. ఒకటి రెండు రోజులు బాపుకు అన్నం చాల్లేదని అమ్మ ఇంకో గ్లాసు పోసి వండిందని తెలుసు. రంగు పని చేసొచ్చిన మనిషి తింటాడు, రేపు సర్దుకుంటుందిలే అనుకున్నాను. అక్కడ ఆఫీసులో క్లెయిము ఫారాలు ఎలా చూడాలో, ఏ కాగితం లేకపోతే ఏది ఆగిపోతుందో నేర్చుకుంటున్నాను. నాకు అదంతా ఇష్టంగా ఉండేది. నోటి నిండా కొత్త మాటలు పెట్టుకుని ఇంటికొచ్చి, నాయనమ్మకు ప్రీమియమంటే ఏమిటో చెప్పేదాన్ని.

పదిహేనో రోజు ఆదివారం. లెక్క చూద్దామని నీలం డ్రమ్ములోని బియ్యం గ్లాసుతో కొలిచి బట్ట మీద పోశాను. అరవై గ్లాసులు ఉండాలి. నలభై ఐదు వచ్చాయి. మళ్లీ కొలిచాను. నలభై ఐదే.

మూడు కిలోల బియ్యం తక్కువ. ఇదే తీరున తింటే ఇంకో తొమ్మిది రోజులకు డ్రమ్ము అడుగు కనిపిస్తుంది. పరీక్ష అప్పటికి ఇంకా వారం దూరంలో ఉంటుంది. చీరల దుకాణంలో నా కుర్చీ కళ్లముందు కనబడింది.

మొదట పురుగు పట్టిందేమో చూశాను. లేదు. డ్రమ్ములో ఎండుమిరపకాయలు వేసి ఉన్నాయి. తర్వాత, చెప్పుకోవడానికి సిగ్గే కానీ, అమ్మ ఎవరికైనా చేబదులు పోసిందేమో అనుకున్నాను. అడిగాను కూడా. అమ్మ మిషను ఆపి నా వైపు చూసింది. ఎవరికీ పొయ్యలేదంది. తర్వాత పప్పు డబ్బా తెరిచాను. మూడు కిలోల కందిపప్పులో రెండు కిలోలకు పైగా అలాగే ఉంది. ఎర్రపప్పు ప్యాకెట్ విప్పనే లేదు. పప్పు మిగిలింది, బియ్యం కరిగింది. నా లెక్కలో ఇది రావడానికి వీల్లేదు.

అమ్మ దారం తెంపి, లేచి వచ్చి అల్మారా ముందు నిలబడింది.

"దీని మీద ఏం రాసినవో సదువు," అంది.

అప్పుడు తట్టింది నాకు. పదిహేను రోజులుగా ఆ కాగితం తన కళ్లముందే ఉంది. ఏ రోజుది ఆ రోజు ముక్కముక్కలుగా చెప్పడమే తప్ప, మొత్తం ఒక్కసారి కూడా ఆమెకు వినిపించలేదు. చదవలేని మనిషి ముందు మూడు రంగుల పెన్నులతో రాసి అంటించి, మస్తుగుందని ఆమె అంటే బాగుందనే అనుకున్నాను.

చదివాను. సోమవారం పచ్చిపులుసు. మంగళవారం పప్పుచారు. బుధవారం పుంటికూర పులుసు. గురువారం టమాటా చారు. శుక్రవారం మళ్లీ పచ్చిపులుసు దగ్గరికి వచ్చేసరికి అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

"అన్ని పుల్లటియే పెట్టినవేందే. పులుసు పోస్తే బువ్వ గుంజుతది. ఒక్క చారెడు పచ్చిపులుసుకు మీ బాపు రెండు పళ్లేలు కలుపుతడు. గందుకే రోజు రాత్రి ఇంకో గ్లాసు పోసుడైంది. పప్పు పల్చగైతే బువ్వ ఎక్కువ పడతది, పప్పు గట్టిగైతే బువ్వ తక్కువ పడతది. గంతే."

"మరి మొదటనే చెప్పొద్దా అమ్మా?"

"నాకేమెర్క, నువ్వు డిగ్రీ లెక్క ఏసినవనుకున్న."

మంచం మీదున్న నాయనమ్మ ఇంకో మాట కలిపింది. దొడ్డుబియ్యం రోజుల్లో ఇంత తినేవాళ్లం కాదట. ఆ అన్నం ఉబ్బేది, రెండు ముద్దలకే కడుపు బరువెక్కేది, రుచికి మూడో ముద్ద అడిగేవాడు లేడు. మిగిలినవి అట్లకు నానబోసేవారట. "ఈ సన్నబియ్యం మంచిగున్నయి గద, పోరి. మంచిగున్నది ఎక్కువ తింటరు," అంది. ప్రియమైన పప్పును కాపాడబోయి ఊరికే వచ్చిన బియ్యాన్ని పోగొట్టుకున్నానని ఆ ఇద్దరూ కలిసి ఐదు నిమిషాల్లో తేల్చారు.

కాగితం చింపెయ్యలేదు. తిరగేసి వెనకవైపు మళ్లీ గళ్లు గీశాను. ఈసారి అమ్మ చెబుతుంటే రాశాను. నలభై ఐదు గ్లాసులు, పదిహేను రోజులు, రోజుకు మూడు. ఉన్న పప్పును ఇప్పుడు ధైర్యంగా వాడొచ్చు. తోటకూర పప్పు, సొరకాయ పప్పు, పాలకూర పప్పు, అన్నీ గరిటె నిలబడేంత గట్టిగా. పులుసు పదిహేను రోజులకు మూడుసార్లే, అదీ బాపు పొద్దున్నే పనికి వెళ్లని రోజుల్లో. ఆలుగడ్డ వేపుడు, వంకాయ కూర, నీళ్లు పోయకుండా దగ్గరగా వండినవి. పచ్చళ్లలో పుంటికూర తీసేసి సొరకాయ తొక్కు పచ్చడి. నేను ఒక్కోటి రాసి చదువుతుంటే, అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, "రాత్రికి గది కాదు, మొన్ననే తిన్నరు," అని మార్పించేది.

అప్పటికీ రోజుకు మూడు గ్లాసులు గట్టి కొలతే. అది దాటించింది మా పక్కింటి పిన్నమ్మ, మేం ఖాలా అంటాం. ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకే గోడ. మా ఇంట్లో ఏం మాట్లాడుకున్నా ఆమెకు సగం తెలుస్తుంది, మిగతా సగం అడుగుతుంది. మేం గళ్లు గీసుకున్న మర్నాడు పొద్దున గోడ మీంచి పిలిచి, విప్పని ఎర్రపప్పు ఉందని విన్నానంది.

"ఖిచిడీ చేయి బేటీ. రెండు గ్లాసులు చావల్ పోసే దగ్గర ఒకటిన్నర పొయ్యి, అర గ్లాసు మసూర్ దాల్ కలుపు. హల్దీ, నమక్, కొంచెం అల్లం. పొద్దుగాల తిని పో, పగటాల్దాక ఆకలి నిన్ను అడగదు. మా ఇంట్ల ఆరుగురం గట్లనే పెరిగినం."

దానిలోకి ఖట్టా ఎలా కలపాలో కూడా చెప్పింది. చింతపండు రసం, వేయించి దంచిన నువ్వులు, జీలకర్ర, పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు, పచ్చిమిర్చి. పొయ్యి మీద పెట్టే పని లేదు. పుల్లటిదనగానే నేను అమ్మ వైపు చూశాను. ఖాలాకు సంగతి అర్థమై, ఖట్టా గిన్నెలో గరిటె పెట్టొద్దు, చెంచా పెట్టు అంది. ఖిచిడీ బరువు, చెంచాడు ఖట్టాకు మించి లోపలికి పోదట.

నిజంగానే పోలేదు. మొదటిరోజు బాపు పళ్లెం ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టనా అంటే తల అడ్డంగా ఊపాడు. పదిహేను రోజుల్లో ఆయన వద్దనడం అదే మొదలు. అమ్మ, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ తర్వాత రోజు విడిచి రోజు పొద్దున ఖిచిడీయే. ఆఫీసుకు డబ్బాలో కట్టుకుపోతే మధ్యాహ్నానికి ముద్దకట్టేది, అయినా తినేదాన్ని. నా పక్కన కూర్చునే అమ్మాయిది సంతోష్‌నగర్. ఆమె తన చపాతీ ఒకటి ఇచ్చి సగం ఖిచిడీ తీసుకునేది. ఆ చపాతీ కూడా నా లెక్కలో లాభం కిందే రాసుకున్నాను.

ఒక ఆదివారం అమ్మ సర్వపిండి చేసింది. రెండు గ్లాసుల బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు కలిపి, గిన్నె అడుగున నూనె రాసి, వేళ్లతో ఒత్తి కాల్చింది. ఆ పూట అన్నమే వండలేదు. నూనె చెంచాలు నాలుగుకు బదులు ఆరు పడ్డాయి కానీ నూనె సీసాలో అప్పటికి మిగులు ఉంది. వేపుడు రోజు పోను మిగతా రోజుల్లో తాలింపుకు రెండు చెంచాలు దాటలేదు.

కుదిరిపోయింది అనుకున్నాను. ఇరవై ఐదో రోజు కొలిస్తే పదిహేను గ్లాసులు ఉండాలి, పదహారు ఉన్నాయి. ఆ రోజు బస్సులో నిలబడి వస్తూ కూడా నవ్వుకున్నాను. మా కొలత ప్రకారం బియ్యం మూడో తారీఖు దాకా వస్తాయి. రేషన్ దుకాణం ఒకటో తారీఖున తెరుస్తారు. రెండు రోజుల మిగులు.

ఒకటో తారీఖున నాయనమ్మ సంచులు పట్టుకుని వెళ్లి ఖాళీగా వచ్చింది. స్టాకు రాలేదట. రెండో తారీఖున అమ్మ వెళ్లింది. ఇంకా రాలేదు, ఐదో ఆరో అన్నాడట డీలరు. ఆయన తప్పేం లేదు, గోదాము నుంచి లారీ వస్తేనే ఇస్తాడు. పోయిన నెల నాలుగో తారీఖున ఇచ్చిందీ అందుకే. నెల ఒకటిన మొదలవుతుందని నేననుకున్నాను. అమ్మకేమో నెల రేషన్ నుంచి రేషన్ దాకా. ఏళ్లుగా అలాగే లెక్కపెట్టుకుంది, ఒకటికీ నాలుగుకూ మధ్య రోజులను కూడా కలుపుకునే ఐదు కిలోలు కొనేదని నాకిప్పుడు అర్థమైంది.

మూడో తారీఖు పొద్దున డ్రమ్ములో నాలుగు గ్లాసులు మిగిలాయి. రెండు వండి డబ్బా కట్టుకున్నాను. బాపు డ్రమ్ము మూత తీసి చూసి, మళ్లీ పెట్టేశాడు. పరీక్ష ఎల్లుండి. రేపు పొద్దున్నుంచి తినడానికి బియ్యం లేవు. ఒక్క రోజు కూలీకైనా నేను దుకాణానికి వెళ్తే పరీక్షకు ముందు రోజు పాఠం పోతుంది, ఒక్క రోజు తప్పినా పరీక్షకు కూర్చోనివ్వరు.

మధ్యాహ్నం డబ్బా విప్పుతూ నా పక్కనమ్మాయికి ఈ సంగతి చెప్పాను. తను మామూలుగానే అంది, మా సంతోష్‌నగర్ దుకాణంలో నిన్ననే ఇచ్చారని. మీకిచ్చారు, మాది ఛత్రినాక కార్డు కదా అన్నాను. ఎక్కడి కార్డయినా ఏ రేషన్ దుకాణంలోనైనా తీసుకోవచ్చు, మా ఇంట్లో కిరాయికున్నవాళ్లు ఊరి కార్డు మీద ఇక్కడే తెచ్చుకుంటారు అంది. ముద్ద డబ్బాలోనే వదిలేసి ఫోన్ అందుకున్నాను. ఎదుటివాళ్ల క్లెయిములో ఏ కాగితం ఉంటే చాలో నెలంతా చదివినదాన్ని, నా ఇంటి కార్డుకు ఏం చెల్లుతుందో ఒక్కసారి అడిగి చూడలేదు.

అమ్మకు ఫోన్ చేశాను. ఆమెకు భయం పట్టుకుంది. వేరే దుకాణంలో తీసుకుంటే కార్డు అక్కడికే పోతదట, మన డీలరు మనసు నొచ్చుకుంటాడట, పాతికేళ్లుగా ఆయన దగ్గరే తీసుకుంటున్నామట. కార్డు ఎక్కడికీ పోదు, పై నెల మళ్లీ ఆయన దగ్గరే తెచ్చుకుంటాం అని చెప్పాను. కార్డు నంబరు నా ఫోన్లో ఫొటోగా ఉంది. అమ్మ నిర్ణయం నాకే వదిలేసింది. "సంచులు ఎట్ల మరి?" అని మాత్రం అడిగింది. ఆ అమ్మాయే రెండు సంచులు ఇచ్చింది.

సాయంత్రం ఆమెతో పాటే సంతోష్‌నగర్ దిగాను. దుకాణం ముందు పది మంది ఉన్నారు. నా వంతు వచ్చేసరికి నంబరు చెప్పాను. డీలరు మిషనులో కొట్టి, మీది ఇక్కడిది కాదు గదమ్మా అన్నాడు. ఖాళీ సంచులు మళ్లీ మడతపెట్టబోయాను. అంతలోనే, అయినా వస్తది, వేలు పెట్టు అన్నాడు. బొటనవేలు పెట్టాను. నాయనమ్మ వేలిలా అరిగిన వేలు కాదు నాది, మొదటిసారికే పట్టింది. కాగితం చీటీ బయటికొచ్చింది. ఇరవై నాలుగు కిలోలు కాంటా మీద పోస్తూ ఆయన ఏం చేస్తావమ్మా అని అడిగాడు. చాలు నాకు. డిగ్రీ అయిపోయిందనీ, ట్రైనింగ్ చేస్తున్నాననీ, ఎల్లుండే పరీక్షనీ, వెనక వరుసలో ఉన్నవాళ్లకు కూడా వినపడేలా చెప్పాను. ఒకాయన దారివ్వండి, ఆఫీసరమ్మ పోతున్నది అన్నాడు. ఎగతాళో నిజమో తెలియలేదు, ఏదైనా నాకు బాగానే ఉంది.

రెండు సంచులూ బస్సెక్కించలేక షేర్ ఆటో ఎక్కాను. గల్లీ మొదట్లో దిగేసరికి అమ్మ, బాపు ఇద్దరూ ఎదురొచ్చారు. బాపు ఒక సంచి భుజాన వేసుకున్నాడు, రెండోది నేనూ అమ్మా చెరో కొసా పట్టుకున్నాం. ఇంట్లో రాత్రికి పెట్టుకున్న రెండు గ్లాసులూ అప్పటికే వండి ఉన్నాయి. పాలకూర పప్పు, గట్టిగా. నాయనమ్మ కొత్త బియ్యం కొన్ని అరచేతిలో పోసుకుని, ఊది, నోట్లో వేసుకుని నమిలింది. మన దుకాణంలోవి ఎట్లుంటయో ఇవీ గట్లనే ఉన్నాయంది. అమ్మకు అప్పటికి గాని మనసు కుదుటపడలేదు.

బాపు తినడం మొదలుపెట్టే ముందు ఫోన్ తీశాడు. చీరల దుకాణం సేటుకు చేశాడని మాట వింటే గాని తెలియలేదు. మొదట నమస్తే అన్నాడు. తర్వాత అవతలివైపు నుంచి ఏదో చాలాసేపు చెబితే విన్నాడు.

"లేదు సేట్. మా బిడ్డ ఇగ రాదు. ఆ జాగల ఇంకెవరినన్న పెట్టుకోండ్రి."

సేటు పరీక్ష పోతే ఏం చేస్తారని అడిగినట్టున్నాడు. బాపు నా వైపు చూడకుండా, పోతే మళ్లీ రాస్తుంది అన్నాడు. ఫోన్ పక్కన పెట్టి, కంచం దగ్గరికి లాక్కుని, అమ్మను ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాడు.